ముల్లు తీసేసి, పట్టు వదలకుండా అడగడం

ఆఫీసు మెయిళ్లలో ఎవరూ ఎవరినీ తిట్టరు. ‘యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్’ అని మొదలుపెడతారు, అంతే. నా గత మెయిల్‌లో చెప్పినట్టు, అని పైకి అర్థం. ‘నేను చెప్పాను, నువ్వు చదవలేదు, ఇప్పుడైనా చదువు’ అన్నది అవతలి మనిషి చెవిన పడే అర్థం. ‘బహుశా మీరు నా మెయిల్ చూసి ఉండకపోవచ్చు’, ‘ఇప్పటికే తెలియజేసిన విధంగా’, ‘మీ సౌకర్యం కోసం మళ్లీ జతచేస్తున్నాను’ కూడా ఆ జాతివే. ఒక్కొక్కటీ చూస్తే మర్యాదగానే ఉంటుంది. చదివినవాళ్లకు మాత్రం ముల్లు గుచ్చుకుంటుంది.

రాసేవాళ్ల కోపం అన్యాయమైనదని నేను అనను. రెండుసార్లు అడిగినా జవాబు రాకపోతే ఎవరికైనా మండుతుంది. పైగా వాళ్ల పని నిజంగా ఆగిపోయి ఉంటుంది. కానీ ఇలాంటి మెయిళ్లను ఒక్కో వాక్యం విడదీసి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. వీటిలో కటువు ఉంటుంది గాని గట్టితనం ఉండదు. ఏం కావాలో, ఎప్పటికి కావాలో, రాకపోతే ఏమవుతుందో సాధారణంగా ఉండనే ఉండదు. ఆ మూడింటి చోటునూ దెప్పిపొడుపు ఆక్రమించేస్తుంది. రాసినవాళ్లకు గట్టిగా అడిగేశామన్న తృప్తి మిగులుతుంది, అడగాల్సింది మాత్రం అలాగే ఉండిపోతుంది.

మొహమాటం చాటున కోపం చూపించే ఈ పద్ధతిని ఇంగ్లీషులో ‘పాసివ్ అగ్రెసివ్’ అంటారు. ఈ పేరు వెనక ఉన్న కథ ఇక్కడ పనికొస్తుంది. 1945లో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, అమెరికా సైన్యంలో మానసిక వైద్య విభాగాన్ని చూస్తున్న విలియం మెనింగర్ సైనికుల ప్రవర్తనను వర్గీకరిస్తూ ఈ మాట వాడాడు. పై అధికారి ఆజ్ఞను ఎదిరించకుండానే, ముఖం మాడ్చుకుని, జాప్యం చేసి, పని సరిగ్గా చేయకుండా తమ వ్యతిరేకత చూపించే సైనికుల గురించి అది. అంటే మొదట్లో ఆ పేరు పడింది గుర్తుచేసేవాడికి కాదు, పని తొక్కిపెట్టేవాడికి. మెయిల్‌కు జవాబివ్వకుండా కూర్చున్న మనిషి ‘నేను చేయను’ అని బయటికి అనడు. గుర్తుచేసే మనిషి ‘మీవల్ల నా పని ఆగింది’ అని బయటికి అనడు. ఇద్దరూ అసలు మాట దాచుకుంటున్నారు కాబట్టే వ్యవహారం నడవదు. ఇద్దరిలో ఒకరు బయటపడాలి. పని ఎవరిది ఆగిందో వాళ్లే ముందు బయటపడటం నయం.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం. విజయవాడలో హెడ్డాఫీసు, రాజమండ్రిలో బ్రాంచి ఉన్న పైపుల వ్యాపార సంస్థ ఒకటి ఉందనుకోండి. ప్రతినెలా అమ్మకాల రిటర్ను వేసే సంస్థ అది. గత నెల అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1 అనే ఆ రిటర్ను ఈ నెల 11వ తేదీ లోపు పడాలి. రాజమండ్రి నుంచి వచ్చిన బిల్లుల్లో 14 బిల్లులకు కొనుగోలుదారు జీఎస్టీ నంబరు లేదు. ఆ పదిహేను అక్షరాల నంబరు లేకపోతే ఆ అమ్మకం రిజిస్ట్రేషన్ లేని మామూలు వినియోగదారుకు చేసినట్టుగా రిటర్నులో వెళ్తుంది. అప్పుడు ఆ దుకాణదారుకు తాను కట్టిన పన్ను తాలూకు క్రెడిట్, 14వ తేదీన పోర్టల్‌లో తయారయ్యే పట్టికలో కనిపించదు. హెడ్డాఫీసులో అకౌంటెంటు ఒకరు 3వ తేదీన బ్రాంచి సేల్స్ ఇన్‌చార్జికి మెయిల్ పెట్టారు. 6న గుర్తుచేశారు. ఉలుకూ పలుకూ లేదు. 8న మూడో మెయిల్ పెట్టారు. ఆఫీసు మెయిళ్లు ఇంగ్లీషులోనే నడుస్తాయి గాని, సారం తెలుగులో ఇలా ఉంటుంది:

‘సర్, నా గత మెయిల్‌లో చెప్పినట్టు, కావలసిన వివరాలు ఇంకా అందలేదు. ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేశాను. బహుశా మీరు చూసి ఉండకపోవచ్చు. దయచేసి కింది ట్రైలింగ్ మెయిల్ చూసి వీలైనంత త్వరగా పంపగలరు. ఇది చాలా అర్జెంట్.’

సీసీలో జనరల్ మేనేజరు.

ఇప్పుడు దీన్ని సేల్స్ ఇన్‌చార్జి కళ్లతో చదవండి. ఆయన ఏ డీలరు దుకాణంలోనో నిలబడి ఫోన్‌లో చూస్తున్నారు. ‘కావలసిన వివరాలు’ అంటే ఏమిటో ఇందులో లేదు. తెలుసుకోవాలంటే వేలితో కిందికి జరుపుకుంటూ పోయి, 6వ తేదీ మెయిల్ దాటి, 3వ తేదీ మెయిల్‌లో మూడో పేరా చదవాలి. ఎక్సెల్ జాబితా మొదటి మెయిల్‌కే ఉంది, జవాబుల్లో అటాచ్‌మెంట్ రాదు. ‘వీలైనంత త్వరగా’ అంటే రేపా, వచ్చే వారమా తెలియదు. ‘అర్జెంట్’ అన్నది రాసినవాళ్ల ఆదుర్దా చెబుతుంది తప్ప గడువు చెప్పదు. ఆయనకు స్పష్టంగా అర్థమయ్యేవి రెండే: ఒకటి తనను తప్పుపట్టడం, రెండు ఆ తప్పుపట్టడాన్ని జీఎం చూడటం. కాబట్టి ఆయన జవాబు కూడా ఆ రెండింటికే ఉంటుంది. ‘నెలాఖరు టార్గెట్లలో ఉన్నాం, బిల్లింగ్ మీ టీమే చూసుకోవాలి కదా’ అని జీఎంను సీసీలో ఉంచి మరీ రాస్తారు. పద్నాలుగు నంబర్ల ఊసు అందులో ఉండదు.

దీన్ని సరిచేయడం మొదటి మెయిల్‌ను మళ్లీ చదవడంతో మొదలవుతుంది. మూడోసారి అడగబోయే ముందు మనం 3వ తేదీన నిజంగా ఏం రాశామో తెరిచి చూడాలి. అడిగిన మాట మొదటి రెండు వాక్యాల్లో ఉందా? ఒక్కరినే అడిగామా, ముగ్గురిని ‘టు’లో పెట్టి ఎవరో ఒకరు చూస్తారనుకున్నామా? తేదీ రాశామా? ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా ‘గతంలోనే చెప్పాను’ అన్న మాట సగమే నిజం. అప్పుడు గుర్తుచేయడం కాదు, సరిగ్గా అడగడమే జరగాలి. అన్నీ సరిగానే ఉన్నా పాత మెయిల్ మీద ఆధారపడకుండా, దీన్నొక్కదాన్నే చదివినా పని జరిగేలా కొత్త మెయిల్ రాయాలి. ట్రైలింగ్ మెయిల్ కింద రికార్డుగా ఉంటే ఉండనివ్వండి. దాన్ని చదవమని మాత్రం అడగకూడదు.

తర్వాత ముల్లు తీయాలి. దీనికి నాకు తెలిసిన నికరమైన పద్ధతి ఒక్కటే. కోపంగా రాసిన ముసాయిదాలో ప్రతి వాక్యాన్నీ ‘ఇది చదివితే ఆయనకు ఆ పద్నాలుగు నంబర్లు పంపడం సులువవుతుందా?’ అని అడగాలి. ‘బహుశా మీరు చూసి ఉండకపోవచ్చు’ అన్నదానివల్ల కాదు. కొట్టేయండి. ‘ఇప్పటికే రెండుసార్లు’ అన్నదానివల్ల కూడా కాదు, కానీ అందులో నిజమైన సమాచారం ఉంది: 3న, 6న అడిగాం. తేదీలు ఉంచి ‘ఇప్పటికే’ తీసేయాలి. ఇంకా, మళ్లీ, స్పష్టంగా, దయచేసి గమనించండి వంటివి ఇలాంటి చోట్ల సమాచారం మోయవు, మందలింపు మోస్తాయి. ఈ కొట్టివేతలన్నీ అయ్యాక పై మెయిల్‌లో మిగిలేది ‘వివరాలు పంపగలరు’ అన్న రెండు మాటలు. గట్టిగా రాశామనుకున్న మెయిల్ ఎంత బలహీనమో అక్కడ కనిపిస్తుంది. ఖాళీ అయిన చోటును ఇప్పుడు నింపాలి.

సబ్జెక్టు లైనులో ‘రిమైండర్ 3’ అని కాకుండా పనినీ గడువునూ రాయాలి: ‘రాజమండ్రి 14 బిల్లుల జీఎస్టీ నంబర్లు – బుధవారం 10వ తేదీ మధ్యాహ్నం 3 లోపు’. లోపల ఇలా:

‘నమస్తే సర్. రాజమండ్రి గత నెల బిల్లుల్లో 14 బిల్లులకు కస్టమర్ జీఎస్టీ నంబరు లేదు. జాబితా ఈ మెయిల్‌కు జతచేశాను. నంబరు రాయాల్సిన గడులు పసుపు రంగులో ఉన్నాయి. బుధవారం 10వ తేదీ మధ్యాహ్నం 3 గంటల లోపు పంపండి.

ఇవి 3న, 6న అడిగాను. రిటర్ను 11న వేసేయాలి కాబట్టి బుధవారం 3 గంటలకు చేతిలో ఉన్న నంబర్లతోనే సిద్ధం చేస్తాను. నంబరు లేని బిల్లులు రిజిస్ట్రేషన్ లేనివారి అమ్మకాల కింద వెళ్తాయి. ఆ కస్టమర్లకు ఈ నెల క్రెడిట్ కనిపించదు.

ఏ కస్టమరు నంబరైనా దొరకడం కష్టంగా ఉంటే పేరు చెప్పండి, నేనే ఫోన్ చేసి తీసుకుంటాను.’

పాతదానితో పోలిస్తే ఇది నిడివిలో పెద్దది, కానీ చదవడానికి తేలిక. గట్టితనంలో మొదటిదానికంటే చాలా ఎక్కువ. ‘పంపగలరు’ పోయి ‘పంపండి’ వచ్చింది. రోజూ, తేదీ, గంటా ఉన్నాయి. రెండుసార్లు అడిగిన సంగతి దాచలేదు. కాకపోతే దాన్ని మొదటి వాక్యంలో ఎత్తిపొడుపుగా పెట్టకుండా, అడగాల్సింది అడిగాక తేదీలుగా చెప్పాం. ఈ క్రమానికి చాలా విలువ ఉంది. మెయిల్ మొదటి వాక్యం తప్పుపట్టడంతో మొదలైతే చదివేవాళ్లు తర్వాతి వాక్యాలన్నీ సమర్థించుకునే దృష్టితోనే చదువుతారు. పనితో మొదలైతే పని ఏమిటా అని చదువుతారు.

రాకపోతే ఏమవుతుందో చెప్పిన వాక్యం దగ్గర కాస్త ఆగాలి. చాలామంది దీన్ని బెదిరింపు అనుకుని వదిలేస్తారు. ‘పంపకపోతే పై వాళ్లకు చెప్తాను’ అన్నది బెదిరింపే. ‘బుధవారం 3 గంటలకు ఉన్నవాటితో సిద్ధం చేస్తాను, లేని కస్టమర్లకు క్రెడిట్ కనిపించదు’ అన్నది జరగబోయేది చెప్పడం. ఇందులో అకౌంటెంటు చేయబోయేది తన పరిధిలోని పని. ఫలితం చట్టం నడిచే తీరువల్ల వచ్చేది, కసితో తెచ్చేది కాదు. పైగా నష్టం ఎవరికన్నది సేల్స్ మనిషికి వెంటనే తెలుస్తుంది: క్రెడిట్ రాని డీలరు మొదట ఫోన్ చేసేది హెడ్డాఫీసుకు కాదు, ఆయనకే. అకౌంట్సు వాళ్ల ఇబ్బందిని ఆయన ఇబ్బందిగా మార్చి చెప్పగలిగితే ఇక గొంతు పెంచనక్కరలేదు.

ఈ వాక్యానికి ఒక షరతు ఉంది. అన్నట్టు చేయాలి. 10వ తేదీ 3 గంటలు దాటాక కూడా ఎదురుచూస్తూ, 11 రాత్రి పదకొండు గంటలకు వచ్చిన నంబర్లు కూడా ఎక్కించి రిటర్ను వేస్తే, అసలు గడువు రాత్రి పదకొండని బ్రాంచికి తెలిసిపోతుంది. వచ్చే నెల ఎంత చక్కగా రాసినా ఆ తేదీకి విలువ ఉండదు. చేయలేని పనిని రాయకపోవడమే మంచిది. అందుకే గడువు పెట్టేటప్పుడే ఆఖరి క్షణం కాకుండా, దాటితే నిజంగా ఆగగలిగిన గంట పెట్టుకోవాలి.

ఇంకో వైపు జారిపోయేవాళ్లూ ఉన్నారు. కటువుగా ఉండకూడదని విన్నవాళ్లు ‘జస్ట్ ఎ జెంటిల్ రిమైండర్’ అని మొదలుపెట్టి, ‘బిజీగా ఉన్నారని తెలుసు, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి, వీలైతే ఈ వారంలో ఎప్పుడైనా’ అని, చివర ఒక నవ్వు బొమ్మ పెడతారు. మన ఆఫీసుల్లో ఇది ఎక్కువ. అవతలివాళ్లు వయసులోనో హోదాలోనో పెద్దవాళ్లయితే మరీ ఎక్కువ. మర్యాద సంబోధనలో ఉండాలి, గౌరవ వాచకంలో ఉండాలి, ‘నేనే ఫోన్ చేసి తీసుకుంటాను’ అన్న సాయంలో ఉండాలి. తేదీలో మర్యాద ఉండదు. ‘వీలైతే’ అన్న మాట గడువు పక్కన చేరిందంటే గడువు పోయినట్టే. పెద్దాయనకైనా ‘సర్, బుధవారం 3 గంటల లోపు పంపండి’ అని రాయడంలో అమర్యాద లేదు. ఆయన ఎదుట నిలబడి అదే మాట మామూలు గొంతుతో అనగలం కదా.

ఆ గొంతే మెయిల్‌లో లేనిది. ఈ విషయం మీద మంచి ప్రయోగం ఒకటి 2005లో వెలువడింది. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ల సహచరులు అమెరికాలో చేశారు. కొన్ని వాక్యాలు నిజంగా అన్నవి, కొన్ని వ్యంగ్యంగా అన్నవి. కొందరు వాటిని మెయిల్‌లో పంపారు, కొందరు గొంతుతో చెప్పారు. ఏ పద్ధతిలో పంపినా తమ ఉద్దేశం అవతలివాళ్లకు దాదాపు 78 శాతం సార్లు సరిగ్గా అందుతుందని పంపినవాళ్లు అనుకున్నారు. గొంతుతో చెప్పినప్పుడు ఆ అంచనా నిజానికి దగ్గరగానే ఉంది. మెయిల్‌లో మాత్రం సరిగ్గా అందింది 56 శాతమే, బొమ్మా బొరుసా వేసినదానికి కాస్త ఎక్కువ. రాసేటప్పుడు మన గొంతు మనకు లోపల వినిపిస్తూ ఉంటుంది, చదివేవాళ్లకు వినిపించదు. కాబట్టి ‘నేను మామూలుగానే రాశాను’ అన్నది రుజువు కాదు. రాసింది అసహనంగా ఉన్న మనిషి గొంతుతో ఒకసారి పైకి చదువుకోండి. అలా చదివినా కుట్టని వాక్యమే పంపదగినది. ‘3న, 6న అడిగాను’ అన్నదాన్ని ఎంత చిరాగ్గా చదివినా అది తేదీల జాబితాగానే మిగులుతుంది. ‘నా గత మెయిల్‌లో చెప్పినట్టు’ అలా మిగలదు.

అదే కారణంగా మూడో మెయిల్‌కు ముందు ఒక ఫోన్ చేయడం ఉత్తమం. ‘సర్, ఆ పద్నాలుగు బిల్లుల నంబర్లు ఎక్కడ ఆగాయి?’ అని అడిగితే తరచూ మెయిళ్లలో ఎన్నడూ బయటపడని కారణం దొరుకుతుంది. నంబర్లు తన దగ్గర కాదు బిల్లింగ్ కుర్రాడి దగ్గర ఉన్నాయనో, ఆ కుర్రాడు సెలవులో ఉన్నాడనో, నాలుగు దుకాణాలకు అసలు రిజిస్ట్రేషనే లేదనో తెలుస్తుంది. చివరిదే నిజమైతే ఆ నాలుగు బిల్లుల్లో తప్పేమీ లేదు, అడగాల్సినవి పదే. ఫోన్ పెట్టేయగానే మాట్లాడుకున్నది రెండు వాక్యాల్లో మెయిల్ చేయాలి: ‘ఇప్పుడు అనుకున్నట్టు నాలుగు బిల్లులు అలాగే ఉంచుతాను. మిగతా పది నంబర్లు బుధవారం 3 లోపు మీ బిల్లింగ్ విభాగం నుంచి వస్తాయి.’ ‘అనుకున్నట్టు’ అన్న మాట ఇక్కడ కుట్టదు, ఎందుకంటే అది ఇద్దరూ కలిసి అనుకున్నది.

సీసీ సంగతి. చెప్పకుండా జీఎంను చేర్చడం మెయిల్‌లో ఉండగల అతి పదునైన ముల్లు. వాక్యాలన్నీ ఎంత శుభ్రంగా ఉన్నా అదొక్కటి చాలు. అలాగని పై వాళ్లను ఎన్నడూ చేర్చకూడదని కాదు. చేర్చబోతున్నామని ముందే చెప్పాలి, చేర్చినప్పుడు వాళ్లకు ఒక పని ఇవ్వాలి. మూడో మెయిల్ చివర ‘బుధవారం 3కి నంబర్లు లేకపోతే, ఏ బిల్లులు ఎలా వెళ్తున్నాయో జీఎం గారికి కూడా తెలియజేస్తాను’ అని రాస్తే, అది జరిగే రోజున ఎవరూ ఉలిక్కిపడరు. జీఎంకు రాసే మెయిల్‌లో బ్రాంచి మీద ఫిర్యాదు అక్కర్లేదు. ‘ఈ ఆరు బిల్లులు నంబరు లేకుండా వెళ్తున్నాయి. ఆ డీలర్లకు ముందే చెప్పాలా వద్దా అన్నది మీ నిర్ణయం కావాలి’ అని రాస్తే చాలు. నిర్ణయం అడగని సీసీ ఫిర్యాదు కిందే లెక్క. బీసీసీ జోలికి అసలు పోవద్దు. చాటుగా చేర్చిన పెద్దాయన పొరపాటున ‘రిప్లై ఆల్’ నొక్కితే బండారం మొత్తం బయటపడుతుంది.

మాటలు మార్చి సరిచేయలేనివీ ఉంటాయి. ప్రతినెలా ఇదే బ్రాంచి నుంచి ఇవే నంబర్లు రాకపోతే లోపం మెయిల్‌లో లేదు, బిల్లు తయారయ్యే చోట ఉంది. జీఎస్టీ నంబరు గడి ఖాళీగా ఉంటే రిజిస్ట్రేషన్ ఉన్న కస్టమరుకు బిల్లు కాకుండా సాఫ్ట్‌వేర్‌లో అడ్డు పెట్టించడమే దానికి మందు. అలాగే డబ్బు బాకీల వంటి వ్యవహారాల్లో రేపు వివాదం అయ్యేలా ఉంటే పాత మెయిళ్ల ప్రస్తావన పూర్తిగా ఉండాల్సిందే. అక్కడ కూడా ‘నా గత మెయిల్’ అన్నదానికి బదులు ఫలానా తేదీన ఫలానా ఇన్వాయిస్‌తో పంపిన మెయిల్ అని రాస్తే కుట్టడమూ తగ్గుతుంది, రుజువుగానూ అదే ఎక్కువ పనికొస్తుంది.

బుధవారం 3 గంటలకు పద్నాలుగులో తొమ్మిది నంబర్లు వచ్చాయనుకోండి. ఆఫీసుల్లో ఇలా సగం సగం రావడమే ఎక్కువ. ‘ఇంకా ఐదు పెండింగ్’ అని మొదలుపెట్టాలనిపిస్తుంది, కానీ అప్పటిదాకా తీసిన ముల్లు మళ్లీ గుచ్చినట్టే. ముందు అందినది చెప్పాలి: ‘తొమ్మిది నంబర్లు అందాయి సర్, ఎక్కించాను. ధన్యవాదాలు. ఈ ఐదు బిల్లులు నంబరు లేకుండా వెళ్తున్నాయి.’ దాని కింద ఆ ఐదు బిల్లుల నంబర్లు, కస్టమర్ల పేర్లు ఉండాలి. 11న రిటర్ను వేశాక మరో మెయిల్: ‘రిటర్ను వేశాను. ఈ ఐదింటి సవరణ వచ్చే నెల రిటర్నులో చేయవచ్చు. దానికి నంబర్లు వచ్చే నెల 5వ తేదీ సాయంత్రం 5 లోపు కావాలి.’ 4వ తేదీ ఉదయం ఒక ఫోన్ చేయాలని క్యాలెండర్‌లో అప్పుడే రాసుకోవాలి.